చూసిన కళ్లే మళ్లీ చూస్తుంటే

విజయవాడలో ఒక చీరల దుకాణం ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చిందనుకుందాం. వారానికి 9,000 రూపాయల ఖర్చు. మొదటి వారం ఆ ప్రకటన 60,000 సార్లు కనిపించింది, చూసినవాళ్లు 40,000 మంది. ఈ మనుషుల లెక్కే రీచ్. 60,000ను 40,000తో భాగిస్తే వచ్చే 1.5 ఫ్రీక్వెన్సీ, అంటే ఒక్కొక్కరు సగటున ఎన్నిసార్లు చూశారన్నది. క్లిక్కులు 900 వచ్చాయి, ఒక్కో క్లిక్కుకు పది రూపాయలు పడింది.

మూడో వారానికి కథ మారింది. ఖర్చు అంతే, కనిపించిందీ 60,000 సార్లే. కానీ చూసినవాళ్లు 20,000 మందే, ఫ్రీక్వెన్సీ 3. క్లిక్కులు 450కి పడిపోయాయి, ఒక్కోటి ఇరవై రూపాయలైంది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. మొదటి వారం 40,000, రెండో వారం 30,000, మూడో వారం 20,000 కలిపి 90,000 మందికి చేరామని మురిసిపోతారు. వారాల రీచ్‌ను అలా కూడకూడదు, ఎందుకంటే ఒకే మనిషి మూడు వారాల్లోనూ ఉండొచ్చు. తేదీలను మూడు వారాలకూ కలిపి పెట్టి చూస్తే అసలు రీచ్ 50,000 అని తేలింది. అంటే మొదటి వారం తర్వాత కొత్తగా చూసినవాళ్లు పదివేల మందే. మిగతా డబ్బంతా చూసినవాళ్లకే మళ్లీ చూపించడానికి పోయింది.

మరి ఎన్నిసార్లయితే విసుగు? అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన హెర్బర్ట్ క్రుగ్‌మన్ 1972లో మూడుసార్లు చాలవచ్చని రాశారు. ఆయన చెప్పింది ‘ఇదేమిటి’, ‘నాకెందుకు’, ఆపైన గుర్తుచేయడం అనే మూడు మానసిక దశల గురించి. దాన్ని పట్టుకుని మూడు దాటితే ఆపేయాలనడం సరికాదు. పైగా సగటు మోసం చేస్తుంది: సగటు 3 ఉన్నచోట ఒక్కసారే చూసినవాళ్లూ ఉంటారు, పదిసార్లు చూసి తల పట్టుకున్నవాళ్లూ ఉంటారు.

అందుకే అంకె ఒక్కటే కాదు, మూడు గీతలు కలిపి చూడాలి: ఫ్రీక్వెన్సీ పెరగడం, కొత్త రీచ్ ఆగిపోవడం, ప్రకటన కనిపించినన్ని సార్లలో క్లిక్కుల శాతం తగ్గడం. దసరా ముందు క్లిక్కు ధర పెరిగినా శాతం తగ్గకపోతే అది విసుగు కాదు. ప్రకటనల వేలంలో పోటీ పెరిగి, వెయ్యిసార్లు చూపించడానికయ్యే ధరే పెరిగింది.

మన దుకాణానికి వెయ్యిసార్లు చూపించే ధర మూడు వారాలూ 150 రూపాయలే. క్లిక్ శాతం మాత్రం 1.5 నుంచి 0.75కు దిగింది. ఇక తేల్చుకోవాల్సింది పాతబడింది ప్రకటనా, జనమా అన్నదే. నాలుగో వారం అదే జనానికి కొత్త వీడియో, పాత ప్రకటనను గుంటూరు వాళ్లకు చూపిస్తే సరి. కొత్త వీడియోకు క్లిక్కులు కోలుకుంటే బొమ్మ మారిస్తే చాలు. కోలుకోకుండా గుంటూరులో పాతదే బాగా ఆడితే, విజయవాడలో చీర కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు ఈపాటికే క్లిక్ చేసేసి ఉంటారు. అక్కడ బడ్జెట్ తగ్గించడమే లాభం.