కాస్ట్‌కి తెచ్చిన స్టాప్‌లాస్ ఖరీదెంత?

షేర్ల టిప్స్ ఇచ్చే గ్రూపుల్లో రోజూ కనిపించే మెసేజ్ ఒకటుంది: "పది రూపాయలు పెరిగింది, ఎస్‌ఎల్ కాస్ట్‌కి మార్చుకోండి, ఇక రిస్క్ లేదు." కొన్న ధర కన్నా కాస్త పైకి రాగానే స్టాప్‌లాస్‌ను కొన్న ధరకే జరపమని దాని అర్థం. పెరిగితే లాభం, పడితే పోయేదేమీ లేదు. వినడానికి ఇంతకన్నా మంచి బేరం ఉండదు. అందుకే కొత్తగా ట్రేడింగ్‌లోకి వచ్చినవాళ్లు అన్నిటికన్నా ముందు నేర్చుకునే అలవాటు ఇదే అవుతోంది. ఈ అలవాటు ఖాతాలో నుంచి కొంత సొమ్ము తీసుకుపోతుంది. ఎక్కడా నష్టంగా రాయదు కాబట్టి ఎవరికీ కనిపించదు.

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. 500 రూపాయలకు ఒక షేర్ కొన్నారు. 480కి పడితే అమ్మేయాలని స్టాప్‌లాస్, 540కి వెళ్తే లాభం తీసుకోవాలని టార్గెట్. పోతే 20, వస్తే 40. అసలు మార్కెట్ గురించి మనకేమీ తెలియదనుకుని, ధర ఒక్కో రూపాయి చొప్పున బొమ్మా బొరుసూ పడ్డట్టు పైకీ కిందికీ కదులుతుందనుకుందాం. అప్పుడు వంద ట్రేడ్లలో సగటున 33 టార్గెట్ కొడతాయి, 67 స్టాప్‌లాస్‌కి పోతాయి. లాభం 33 నలభైలు, నష్టం 67 ఇరవైలు. రెండూ సరిసమానం.

ఇప్పుడు ధర 510కి రాగానే స్టాప్‌లాస్‌ను 500కి జరిపే పద్ధతి పెట్టుకోండి. అదే వంద ట్రేడ్లలో నష్టాలు 67 నుంచి 33కి పడిపోతాయి. సగానికి సగం! సంతోషించాల్సిన విషయమే. కానీ టార్గెట్ కొట్టేవి కూడా 33 నుంచి 17కి దిగిపోతాయి. మిగిలిన 50 ట్రేడ్లు కొన్న ధరకే బయటికొచ్చేస్తాయి. మొత్తం మీద ఫలితం మళ్లీ సున్నాయే. అంటే ఏ పట్టూ లేని ఆటలో స్టాప్‌లాస్ ఎక్కడికి జరిపినా వచ్చేదీ పోయేదీ లేదు. నష్టాలు తగ్గినట్టు కనిపిస్తుంది, లాభాలూ అంతే తగ్గుతాయి.

అసలు దెబ్బ తగిలేది మీ పద్ధతికి నిజంగా కాస్త బలం ఉన్నప్పుడు. బొమ్మ పడే అవకాశం నూటికి 50 కాకుండా 50.5 ఉందనుకోండి. చాలా చిన్న మొగ్గు. అయినా స్టాప్‌లాస్‌ను కదపకుండా వదిలేస్తే వందలో 47 ట్రేడ్లు టార్గెట్ కొడతాయి, 53 పోతాయి. ట్రేడ్‌కి సగటున షేర్‌కి 8 రూపాయల 30 పైసలు మిగులుతుంది. 510 దగ్గర కాస్ట్‌కి జరిపితే? టార్గెట్ కొట్టేవి 24, నష్టపోయేవి 27, అటూ ఇటూ కాకుండా బయటపడేవి 49. సగటు లాభం 4 రూపాయల 20 పైసలు. సగం ఎగిరిపోయింది. కాస్త ఓపిక పట్టి 520 దగ్గర జరిపినా సగటు 6 రూపాయల 30 పైసల దగ్గరే ఆగుతుంది. ఇది ఎవరి అభిప్రాయమో కాదు, కాగితం పెన్సిల్‌తో సరిచూసుకోగల లెక్క.

కారణం కూడా తేలికే. మొగ్గు మన వైపు ఉన్నప్పుడు ట్రేడ్‌లో ఉన్న ప్రతి పూటా మనకు కొంచెం కొంచెంగా కలిసొస్తుంది. 510 నుంచి 500కి దిగొచ్చిన షేర్ కూడా, కొన్న రోజున ఎంత మంచిదో ఇప్పుడూ అంతే మంచిది. మొగ్గు ఎక్కడికీ పోలేదు. మనం మాత్రం దిగిపోయాం. అలా దిగిపోతే చేతికొచ్చిన సొమ్ముతో వెంటనే ఇంకో మంచి ట్రేడ్ దొరుకుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. వెంటనే, అంతే మంచిది దొరికితే నిజమే, నష్టం చాలావరకు పూడుతుంది. కానీ మంచి అవకాశాలు అడిగినప్పుడల్లా దొరకవు. దొరికినా ప్రతిసారీ ఖర్చు మళ్లీ మొదటి నుంచి.

ఖర్చు అన్నాం కాబట్టి దాన్నీ చూడాలి. 500కి కొని 500కే అమ్మితే సమానమైపోయామనుకుంటాం. డెలివరీ షేర్ల మీద కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఎస్‌టీటీ నూటికి పది పైసల చొప్పున పడుతుంది. కొనుగోలు మీద స్టాంప్ డ్యూటీ నూటికి ఒకటిన్నర పైస. 500 రూపాయల షేర్‌కి ఇవే ఒక రూపాయి ఏడు పైసల పైచిలుకు. ఎక్స్ఛేంజ్ చార్జీలు, డీపీ చార్జీలు, ఉంటే బ్రోకరేజ్ దీనికి అదనం. అంటే కాస్ట్‌కి బయటపడ్డ ప్రతి ట్రేడూ చిన్న నష్టమే. పైగా రాత్రికి రాత్రి ఏదో వార్త వచ్చి పొద్దున 485 దగ్గర తెరుచుకుంటే, 500లో పెట్టిన స్టాప్‌లాస్ 500 ఇప్పించలేదు. "ఇక రిస్క్ లేదు" అన్న మాట అక్కడే తేలిపోతుంది.

బొమ్మా బొరుసుల లెక్కలో లేని సంగతి ఒకటి నిజమైన చార్టుల్లో ఉంది. చాలామంది బ్రేకౌట్ మీద కొంటారు. కొన్ని వారాలుగా 500 దాటలేకపోయిన షేర్ ఒక రోజు దాటింది, వెంటనే కొన్నారు. అలాంటి షేర్ పైకెళ్లి మళ్లీ ఆ 500 దాకా దిగివచ్చి, అక్కడ నిలబడి, తర్వాత పరుగందుకోవడం మామూలే. దీన్నే రీటెస్ట్ అంటారు. అంటే ధర తిరిగొచ్చే అవకాశం బాగా ఉన్న చోటునే మనం స్టాప్‌లాస్‌కి ఎంచుకుంటున్నాం. 499.80 తాకి, మనల్ని బయటికి తోసి, నాలుగు రోజుల్లో 540కి వెళ్లిన షేర్ కథ ట్రేడింగ్ చేసేవాళ్లలో ఎవరినడిగినా చెబుతారు. "ఆపరేటర్లు కావాలని నా స్టాప్‌లాస్ కొట్టారు" అని తిట్టుకుంటారు కూడా. చాలాసార్లు ఏ ఆపరేటరూ అక్కర్లేదు. మనం 500కి కొన్నామని మార్కెట్‌కి తెలియదు, తెలిసినా దానికి పట్టదు. ఆ ధర ముఖ్యమైంది మనకొక్కరికే.

మనకెందుకు అంత ముఖ్యం? మనుషులు డబ్బును మొత్తంగా కాక, ఒక గీత పెట్టుకుని దానికి పైనా కిందా అని లెక్కిస్తారని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వర్స్కీ 1979లోనే చూపించారు. లాభంలో ఉన్నవాటిని తొందరపడి అమ్మేసి నష్టంలో ఉన్నవాటిని పట్టుకుని కూర్చునే ధోరణి గురించి 1985లో హెర్ష్ షెఫ్రిన్, మేర్ స్టాట్‌మన్ రాశారు. షేర్లలో ఆ గీత కొన్న ధరే. పచ్చ రంగులో చూసిన అంకె ఎర్రగా మారడం భరించలేం. అందుకే స్టాప్‌లాస్ జరుపుతాం. ఆ నిర్ణయంలో షేర్ గురించిన సమాచారం ఏమీ లేదు, మన మనసు గురించే ఉంది.

స్టాప్‌లాస్‌ను ఎప్పటికీ జరపకూడదని కాదు. ఎంత దూరం వదులుతున్నామన్నదే చూడాలి. రోజుకు ఒక షేర్ ఎంత ఊగుతుందో కొలవడానికి వెల్స్ వైల్డర్ 1978లో తన పుస్తకంలో ఇచ్చిన ఏటీఆర్ ఇప్పుడు ప్రతి చార్టింగ్ యాప్‌లోనూ ఉంటుంది. మన షేర్ 14 రోజుల ఏటీఆర్ 12 రూపాయలనుకోండి. 480 దగ్గర స్టాప్‌లాస్ పెట్టినప్పుడు మామూలు ఊపులకు తగలకుండా 20 రూపాయల దూరం ఇచ్చాం. ధర 510లో ఉండగా 500కి జరిపితే మిగిలే దూరం 10 రూపాయలే, ఒక రోజు ఊపు కన్నా తక్కువ. షేర్ ఊగడం ఏమీ తగ్గలేదు. ఏ వార్తా లేని సాదాసీదా రోజున కూడా అది తగలవచ్చు. అదే 530కి చేరాక 500 అంటే 30 రూపాయల దూరం. అప్పుడు జరిపితే అంత హాని లేదు. ఇంకా మెరుగైన దారి, ధర పైకెళ్లి ఒకసారి దిగి మళ్లీ లేచిన చోటు చూడటం. 511 దాకా దిగి లేచిందనుకోండి, దాని కింద 508లో పెట్టుకోవచ్చు. ఆ అంకెను ఎంచుకున్నది చార్టు, మన కొనుగోలు ధర కాదు. రేపే కంపెనీ ఫలితాలున్నాయి, అంత ఊపు మోయలేమనుకుంటే స్టాప్‌లాస్‌ను నమ్ముకోకుండా కొంతో మొత్తమో అమ్మేయడం మేలు.

మీ విషయంలో ఈ అలవాటు ఎంత తినేస్తోందో తేల్చుకోవడం కష్టం కాదు. కాస్ట్‌కి బయటపడ్డ ట్రేడ్లన్నీ తీసి, ఒక్కోదానికీ పాత స్టాప్‌లాస్ 480లోనే ఉండి ఉంటే ముందు ఏది తగిలేదో చార్టులో చూడండి, 540నా 480నా అని. ముగింపు ధరలు కాదు, రోజులో ఎక్కువ తక్కువలు చూడాలి. రెండూ ఒకే రోజు తగిలితే 15 నిమిషాల చార్టులోకి దిగాలి. 480కి వెళ్లినవి మీరు తప్పించుకున్న నష్టాలు. 540కి వెళ్లినవి మీరు వదులుకున్న లాభాలు. టార్గెట్ రెట్టింపు కాబట్టి వదులుకున్న ఒక్క లాభానికి సమంగా రెండు నష్టాలు తప్పించి ఉండాలి. టార్గెట్ మూడింతలైతే మూడు. అంతకన్నా తక్కువ తప్పించి ఉంటే కాస్ట్‌కి జరపడం మిమ్మల్ని ముంచుతున్నట్టే. పది పదిహేను ట్రేడ్లతో తీర్పు ఇవ్వకండి, అన్నిట్లో అదృష్టం పాలు ఎక్కువ.

చివరగా భయం సంగతి. 20 రూపాయల నష్టం తట్టుకోలేకే స్టాప్‌లాస్ జరుపుతున్నామంటే, కొన్న షేర్ల సంఖ్యే ఎక్కువైందని అర్థం. పైన చెప్పిన 50.5 లెక్కలోనే వంద షేర్ల బదులు యాభై కొని స్టాప్‌లాస్‌ను ముట్టుకోకుండా ఉంటే, నష్టాల మొత్తం 510 దగ్గర కాస్ట్‌కి జరిపినప్పుడు వచ్చే దానికి దాదాపు సమానం. లాభమూ దాదాపు అంతే. ఎస్‌టీటీ, స్టాంప్ డ్యూటీ మాత్రం సగం, మిగతా పెట్టుబడి మీ చేతిలోనే. కాబట్టి వచ్చే ట్రేడ్‌లో 510 దగ్గర వేలు స్టాప్‌లాస్ మీదికి వెళ్తే దాన్ని కదపకండి, ఆ తర్వాతి ట్రేడ్‌లో షేర్ల సంఖ్య తగ్గించండి.