స్కూళ్లకు సెలవు నోటీసులో సముద్రం పోటు టైం ఎందుకు? ముంబై కమిషనర్ ప్రకటనను ఇలా చదవాలి

ముంబైలో భారీ వర్షం వస్తుందంటే చాలు.. బీఎంసీ కమిషనర్ పేరుతో ఒక ప్రకటన వస్తుంది. స్కూళ్లు, కాలేజీలకు సెలవు. అవసరమైతే తప్ప బయటకు రావద్దు. సాయం కావాలంటే 1916కు ఫోన్ చేయండి. వాటితో పాటు చాలామంది పట్టించుకోని లైను ఇంకొకటి ఉంటుంది: సముద్రం పోటు ఎన్ని గంటలకు, ఎన్ని మీటర్లు అన్నది. నిజానికి ఇంట్లోంచి ఎప్పుడు కదలాలో చెప్పేది ఆ లైనే. 2025 ఆగస్టు 18, 19 తేదీల్లో ముంబైలో ఏం జరిగిందో చూస్తే ఈ నోటీసులో ప్రతి ముక్కకూ అర్థం తెలుస్తుంది.

సెలవు ఎవరు ఇస్తారు?

మన తెలుగు రాష్ట్రాల్లో వానలకు స్కూళ్లు మూసేయాలంటే సాధారణంగా జిల్లా కలెక్టర్ ఆర్డర్ ఇస్తారు. లేదంటే ప్రభుత్వమే ప్రకటిస్తుంది. ముంబైలో మాత్రం విపత్తు నిర్వహణ బాధ్యత కూడా బీఎంసీ కమిషనర్ చేతిలోనే ఉంటుంది. అందుకే అక్కడ సెలవు ప్రకటన కార్పొరేషన్ నుంచే వస్తుంది. అది కార్పొరేషన్ స్కూళ్లకే కాదు, ప్రైవేటు స్కూళ్లకూ వర్తిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. ముంబైలో చాలా స్కూళ్లు రెండు షిఫ్టుల్లో నడుస్తాయి. ఉదయం బ్యాచ్ ఒకటి, మధ్యాహ్నం బ్యాచ్ ఒకటి. 2025 ఆగస్టు 18, సోమవారం వాన ఉధృతి పెరిగాక మధ్యాహ్నం షిఫ్టుకు సెలవు ఇచ్చారు. అప్పటికే ఉదయం షిఫ్టు పిల్లలు స్కూళ్లలో ఉన్నారు. వాళ్లు ఇంటికి బయల్దేరే టైంకే రోడ్లు మునిగాయి. మాటుంగాలో ఒక స్కూల్ బస్సు నీళ్లలో ఆగిపోయింది. పోలీసులు పిల్లల్ని ఎత్తుకుని బయటకు తీసుకొచ్చారు. ఆ వీడియో అప్పట్లో అందరూ చూసిందే.

మరుసటి రోజు 19న అలా జరగనివ్వలేదు. అన్ని స్కూళ్లకు, కాలేజీలకు రోజంతా సెలవు అని ముందే చెప్పేశారు. అత్యవసర సేవలు మినహా ప్రభుత్వ ఆఫీసులు కూడా మూసేశారు. ప్రైవేటు కంపెనీలను వర్క్ ఫ్రమ్ హోమ్ ఇవ్వమన్నారు. అంటే సెలవు ఇచ్చారా లేదా అన్నదే కాదు, ఎన్ని గంటలకు ఇచ్చారు, ఏ షిఫ్టుకు ఇచ్చారు అన్నది కూడా చూడాలి. ఉదయం షిఫ్టు పిల్లలున్న ఇంట్లో మధ్యాహ్నం సెలవు వార్త విన్న వెంటనే స్కూలుకు పరిగెత్తడం కంటే ముందు ఫోన్ చేయడం మంచిది. స్కూలు చుట్టూ నీళ్లుంటే పిల్లలు రోడ్డు మీద బస్సులో కంటే స్కూలు పై అంతస్తులోనే సేఫ్.

రెడ్ అలర్ట్ అంటే ఎంత వాన?

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 వరకు పడితే భారీ వర్షం. 204.4 దాకా అయితే అతి భారీ. అది దాటితే అత్యంత భారీ వర్షం. ఈ 24 గంటలు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కాదు. ఉదయం 8:30 నుంచి మరుసటి ఉదయం 8:30 వరకు.

ఆగస్టు 19 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో విక్రోలీలో 255.5 మిల్లీమీటర్లు పడింది. శాంతాక్రూజ్‌లో 238.2. కానీ కొలాబాలో 110.4 మాత్రమే. మహాలక్ష్మిలో 72.5. ఒకే ఊరు, ఒకే అలర్ట్. అయినా ఒకచోట పడిన వాన ఇంకోచోట పడినదానికి మూడు రెట్ల కంటే ఎక్కువ. అందుకే 'మా దగ్గర వాన లేదు, అలర్ట్ ఉత్తిదే' అనుకుని స్కూటర్ తీస్తే దెబ్బతింటాం. మీ వీధిలో చినుకులే పడుతున్నా, మీరు వెళ్లే దారి ఇంకో రకంగా ఉండొచ్చు.

ఇంకో మాట. మొత్తం వాన కంటే ఎంత సేపట్లో పడిందన్నదే వీధిని ముంచుతుంది. ముంబైలో పాత డ్రైన్లు గంటకు 25 మిల్లీమీటర్ల వానను మోసేలా కట్టినవి. తర్వాత వాటిని 50కి పెంచే పనులు మొదలుపెట్టారు. ఇప్పుడు లెక్క చూడండి. 240 మిల్లీమీటర్లు 24 గంటలూ సమానంగా పడితే గంటకు 10 మాత్రమే. పాత డ్రైను కూడా తట్టుకుంటుంది. అదే ఒక్క గంటలో 100 పడితే? 50 మోసే డ్రైనులో మిగతా 50 పట్టదు. ఒక చదరపు కిలోమీటరు మీద 50 మిల్లీమీటర్ల నీళ్లంటే 5 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 5 వేలు. అవన్నీ రోడ్డు మీదే నిలబడతాయి.

ఇప్పుడు అసలు విషయం: పోటు టైం

ముంబై వాన నీళ్లు చివరికి సముద్రంలోకే పోవాలి. నాలాలు సముద్రంలో కలిసే చోట్లు 186 అయితే, పోటు మట్టం కంటే ఎత్తులో ఉన్నవి 6 మాత్రమే. మిగతావన్నీ పోటు వచ్చినప్పుడు నీటి కిందకు పోతాయి. అప్పుడు గేట్లు మూయకపోతే సముద్రం నీళ్లే ఊళ్లోకి వస్తాయి. గేట్లు మూస్తే వాన నీళ్లు బయటకు పోవు. ఇక మిగిలింది పంపులే. హాజీ అలీ, ఇర్లా, లవ్‌గ్రోవ్ లాంటి పంపింగ్ స్టేషన్లు అందుకోసం కట్టినవే.

2005 జులై 26న జరిగింది ఇదే. శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు కురిసింది. అదే మధ్యాహ్నం సముద్రం 4.48 మీటర్ల పోటు మీద ఉంది. పైనుంచి కుండపోత, కింద దారి మూత. మీఠీ నది పొంగి కుర్లా, కలీనా ప్రాంతాలు మునిగాయి. అప్పటి నుంచి 4.5 మీటర్లు దాటే పోట్ల తేదీలను బీఎంసీ ప్రతి వానాకాలం ముందే ప్రకటిస్తోంది.

2025 ఆగస్టు 19 ఉదయం 9:16కి పోటు 3.75 మీటర్లే. మరీ పెద్దదేం కాదు. కానీ అప్పటికే రాత్రంతా వాన కురిసి ఉంది. మీఠీ నది మట్టం 3.9 మీటర్లకు చేరడంతో కుర్లాలోని క్రాంతినగర్ నుంచి సుమారు 350 మందిని తరలించారు. అంటే పోటు చిన్నదైనా, వాన ఎక్కువైతే ముప్పు తప్పదు. రెండూ కలిస్తే ఇంకా కష్టం.

మరి ఈ లైనును ఎలా వాడుకోవాలి? పోటుకు పోటుకు మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు ఉంటుంది. పోటు నుంచి ఆటుకు దాదాపు 6 గంటలు. సాయంత్రం 5కి పోటు అని నోటీసులో ఉందనుకోండి. 3 గంటల నుంచి గట్టి వాన పడుతోంది. మీరు ఆఫీసులో ఉన్నారు. 5:30కి బయల్దేరితే నీళ్లు బాగా నిలిచిన టైంలో రోడ్డెక్కినట్టే. అయితే పోటుకు బాగా ముందే వెళ్లిపోవాలి. లేదంటే ఆటు మొదలై, వాన తగ్గి, నీళ్లు దిగేదాకా ఆఫీసులోనే ఉండాలి. మధ్యలో బయల్దేరడమే ప్రమాదం.

మ్యాన్‌హోల్ మూత తీయొద్దు అని ఎందుకంటారు?

నోటీసుల్లో ఇదొక మాట తప్పకుండా ఉంటుంది. 2017 ఆగస్టు 29న ముంబైలో రోడ్డు మీద నీళ్లు పోవడానికి ఒక మ్యాన్‌హోల్ మూత తీశారు. నడుం లోతు నీళ్లలో నడిచి ఇంటికి వెళ్తున్న ఒక సీనియర్ డాక్టర్ అందులో పడిపోయారు. తర్వాత సముద్రం ఒడ్డున శవమై దొరికారు. మూత తీసినవాళ్లు చెడు ఉద్దేశంతో చేసింది కాదు. నీళ్లు త్వరగా పోతాయనుకున్నారు. కానీ బురద నీళ్లలో ఆ గుంత ఎవరికీ కనపడదు. ఆ ఘటన తర్వాతే మూతల కింద ఇనుప జాలీలు పెట్టడం మొదలైంది.

తప్పనిసరిగా నీళ్లలో నడవాల్సి వస్తే గొడుగో కర్రో ముందు పెట్టి నేల తడుముతూ వెళ్లండి. నీళ్లు ఒకచోట గిర్రున తిరుగుతుంటే అక్కడ గుంత ఉన్నట్టే, దూరం జరగండి. కరెంటు స్తంభాలు, మీటర్ బాక్సుల పక్కన నడవొద్దు. గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లయితే నీళ్లు గడప దాటకముందే మెయిన్ ఆపేయండి. నీళ్లు స్విచ్ బోర్డు దాకా వచ్చాక ఆపడానికి చేయి పెట్టొద్దు.

మన ఊళ్లలో పోటు లేదు కదా?

హైదరాబాద్‌కు, విజయవాడకు సముద్రం పోటు సమస్య లేదు. కానీ అలాంటి లైను ఒకటి ఇక్కడి ప్రకటనల్లోనూ ఉంటుంది. విజయవాడలో అది బుడమేరు, ప్రకాశం బ్యారేజీ నీటి లెక్క. 2024 సెప్టెంబరు 1న సింగ్‌నగర్ మునిగింది అక్కడ పడిన వానతోనే కాదు. పైనుంచి వచ్చిన బుడమేరు నీళ్లతో. వాన తగ్గినా నీళ్లు పెరిగాయి. హైదరాబాద్‌లో అయితే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తుతున్నారా అన్నది చూడాలి. ఎత్తితే మూసీ ఒడ్డు బస్తీల్లో ఆకాశం తేటగా ఉన్నా నీళ్లు వస్తాయి. 2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగిన సంగతి అక్కడివాళ్లు మర్చిపోలేదు.

కాబట్టి ఈసారి నోటీసు ఫోన్‌లో కనపడగానే సెలవు ఉందా లేదా అని చూసి ఫార్వర్డ్ చేసేయకండి. మూడు సంగతులు చదవండి. ఏ తేదీ, ఏ షిఫ్టు. నీళ్లు ఎటు పోవాలి, ఆ దారి ఎప్పుడు మూసుకుంటుంది. ఎవరికి ఫోన్ చేయాలి. ముంబైలో ఉన్న తెలుగువాళ్లకు 1916. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ 040-21111111. ఎక్కడున్నా ప్రాణాపాయమైతే 112. పాత నోటీసు ఫొటోలే ప్రతి ఏడాదీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. తేదీ చూశాకే నమ్మండి.