ప్రణయకథలో లేఖ : సాన్నిహిత్య ఔత్సుక్యముల నిర్మాణం

ప్రణయకథను లేఖల రూపంలో నడపటం పాశ్చాత్య నవలతో మనకు సంక్రమించిన పద్ధతి అని సాధారణంగా భావిస్తారు. సంపూర్ణమైన లేఖానవల విషయంలో ఈ అభిప్రాయం చాలవరకు నిజమే కావచ్చు. కాని లేఖ ద్వారా ప్రేమికుల మధ్య చనువును పెంచటం, లేఖ వ్రాసిన క్షణానికీ అది చేరిన క్షణానికీ నడుమ ఉన్న వ్యవధిలో పాఠకుని ఉత్కంఠను నిలపటం అనే రెండు ప్రయోజనాలూ సంస్కృతాంధ్ర కావ్యాలలో ఎంతో ముందుగానే సిద్ధించాయి. సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి గ్రామనామాన్ని ఇంటిపేరుగా ధరించిన పినవీరభద్రకవి తన ప్రబంధానికి ఇతివృత్తంగా స్వీకరించిన శకుంతల కథనే ఇందుకు ప్రథమోదాహరణంగా గ్రహింపవచ్చు.

కాళిదాసు నాటకం తృతీయాంకంలో శకుంతల విరహబాధను గుర్తించిన ప్రియంవద మదనలేఖ వ్రాయమని సూచిస్తుంది. దానిని పూలలో దాచి, దేవతాప్రసాదమనే నెపంతో రాజుకు అందజేస్తానంటుంది. తిరస్కారం ఎదురవుతుందేమోనని శకుంతల జంకుతుంది. వ్రాతపరికరాలు లేకపోగా మెత్తని తామరాకుపై గోటితో అక్షరాలు గీయటానికి నిశ్చయమవుతుంది. ఈ చిన్న సన్నివేశంలో లేఖాకథకు కావలసిన సామగ్రి అంతా ఉన్నది: వ్రాయటానికి సంకోచం, పంపటానికి రహస్యమార్గం, నిరాకరింపబడతామన్న భయం.

శకుంతల తన గాథలో మొదట ఎదుటివాని హృదయం తనకు తెలియదని ఒప్పుకొని, ఆపైననే తన అవస్థను చెబుతుంది. చక్రవర్తిని గౌరవవాచకాలతో కాక, దయలేనివాడా అనే భావంతో సంబోధిస్తుంది. ముఖాముఖిగా పలుకలేని మాట ఆకుపై వ్రాయగలిగింది. లేఖలో సాన్నిహిత్యం ప్రేమప్రకటన వలన కాక, ఒక్కనితో మాత్రమే అనదగిన మాట వలన కలుగుతున్నదని దీనివలన స్పష్టమవుతుంది. ఆ లేఖ పంపబడనే లేదు. అర్థం కుదిరిందో లేదో వినమని సఖులకు చదివి వినిపిస్తూ ఉండగా, చాటున ఉన్న దుష్యంతుడు విని ప్రవేశిస్తాడు. అతడు వింటున్నాడని ప్రేక్షకునికి తెలుసు, ఆమెకు తెలియదు.

ఈ తెలియమియే తరువాత ఉత్కంఠకు మూలమవుతుంది. రాజు తన పేరు గల ఉంగరాన్ని ఇచ్చి, రోజుకొక అక్షరం చొప్పున లెక్కించమనీ, పేరు పూర్తయ్యేసరికి తీసికొనిపోవటానికి మనిషి వస్తాడనీ చెప్పి వెళ్తాడు. ఆ పేరులో ఉన్నవి మూడే అక్షరాలు. గడువు ఎంత దగ్గరగా ఉంటే నిరీక్షణ అంత తీవ్రమవుతుంది. చతుర్థాంకంలో అనసూయ, అన్ని మాటలు చెప్పిన రాజు ఇంతకాలమైనా ఒక లేఖ అయినా పంపలేదేమని వాపోతుంది. ఈ మౌనానికి దుర్వాసుని శాపం కారణమని ప్రేక్షకునికీ సఖులకూ తెలుసు, శకుంతలకు తెలియదు. రాని లేఖ కూడా కథను నడపగలదని కాళిదాసు నిరూపించాడు.

రుక్మిణీ సందేశం దీనికి భిన్నమైన మార్గాన్ని చూపుతుంది. భాగవత మూలంలో ఆ సందేశం ఏడు శ్లోకాలు. గుణశ్రవణం వలన కలిగిన అనురాగంతో మొదలై, రేపే వివాహమన్న గడువును తెలిపి, అంతఃపురంలో ఉన్న కన్యను ఆమె బంధువులను చంపకుండా ఎట్లా తీసికొనిపోవటమని శ్రీకృష్ణునికి కలుగబోయే సందేహాన్ని తానే ఎత్తుకొని, వివాహానికి ముందురోజు గిరిజాపూజకు వెలుపలికి వస్తానని ఉపాయం చెబుతుంది. చదివేవాడు ఇంకా అడుగని ప్రశ్నకు సమాధానమివ్వటం సాన్నిహిత్యానికి గొప్ప గుర్తు. ఎదుటివాని మనసులో ప్రవేశించి చూచినవారికే అది సాధ్యం. పోతన అగ్నిద్యోతనుడని పేర్కొన్న బ్రాహ్మణుడు సందేశాన్ని అందించగానే శ్రీకృష్ణుడు బయలుదేరుతాడు. అటుపిమ్మట కవి కథను రుక్మిణి వద్దకు మరల్చి, విప్రుడు చేరాడో లేదో అన్న ఆమె ఆందోళనను వర్ణిస్తాడు. ఫలితం పాఠకునికి ముందే తెలిసినా ఉత్కంఠ తగ్గదు. ఏమి జరుగుతుందన్న ప్రశ్న స్థానంలో ఆమెకు ఎప్పుడు తెలుస్తుందన్న ప్రశ్న నిలుస్తుంది.

ఈ సూత్రాలను ఆధునిక కథకు అన్వయించటానికి ఒక కల్పిత ఇతివృత్తాన్ని పరిశీలింపవచ్చు. కాలం 1990 ప్రాంతం. నాయిక మిర్యాలగూడలో బియ్యపుమిల్లు గుమాస్తా కూతురు. నాయకుడు కోదాడలో ఉపాధ్యాయుడు. ఉత్తరం చేరటానికి రెండు రోజులు పడుతుందనుకొందాం. సోమవారం ఆమె, ఇంట్లోవారు మెత్తబడ్డారనీ ఆదివారం తల్లిని వెంటబెట్టుకొని రమ్మనీ వ్రాస్తుంది. మంగళవారం తండ్రి వేరొక సంబంధం ఖాయం చేస్తాడు. బుధవారం ఆమె రావద్దని రెండవ ఉత్తరం వేస్తుంది. అదే రోజున మొదటి ఉత్తరం అందుకొన్న అతడు, గురువారం ఉదయం వస్తున్నామని బదులు వేసి, సాయంత్రం తల్లి ఉన్న సూర్యాపేటకు, అక్కగారింటికి, వెళ్తాడు. అక్కడి నుంచే ఆదివారం మిర్యాలగూడ ప్రయాణం. శుక్రవారం కోదాడ చేరిన రెండవ ఉత్తరం తాళం వేసిన తలుపు కింద పడి ఉంటుంది. శనివారం అతని జవాబు చదివిన నాయికకు, తన ఉత్తరం అతనికి అందలేదని అర్థమవుతుంది. మరొకటి వ్రాసినా చేరే వ్యవధి లేదు.

ఇందులో దుష్టపాత్ర లేదు, యాదృచ్ఛిక ప్రమాదం లేదు. రెండు రోజుల వ్యవధి, మూడు ఊళ్లు చాలినవి. ఇటువంటి కథ వ్రాసేవారు ప్రతి లేఖకూ వ్రాసిన రోజు, చేరిన రోజు, అప్పటికి వ్రాసినవారికి తెలిసినది అనే మూడింటిని పట్టికగా ముందే గుర్తించుకోవాలి. లేనిచో పాత్రకు ఇంకా తెలియని సంగతి ఆమె లేఖలో చోటుచేసుకొని, కథ మొత్తం కూలుతుంది.

సాన్నిహిత్యాన్ని చూపటానికి తెలుగులో సంబోధన గొప్ప సాధనం. మొదటి లేఖలో పేరు పక్కన 'గారికి' ఉంటుంది. కొన్ని లేఖల తరువాత 'గారు' జారిపోతుంది. ఒకచోట 'మీరు' అని మొదలైన వాక్యం 'నువ్వు' అని ముగుస్తుంది. ఆ మార్పు ఒక్క లేఖలోనే, ఒకవైపు నుంచే జరగాలి. అప్పుడు ఎదుటివారి జవాబులో 'మీరు' వస్తుందా, 'నువ్వు' వస్తుందా అన్నదే పాఠకుడు ఎదురుచూచే విషయమవుతుంది. ఈ విధంగా ఒక సర్వనామం సాన్నిహిత్యాన్నీ ఉత్కంఠనూ ఏకకాలంలో సాధిస్తుంది.

లేఖాకథలో తరచుగా కనిపించే దోషాలు రెండు. పాఠకుని కోసం ఉద్దేశించిన సమాచారాన్ని లేఖ అందుకొనేవారికి చెప్పటం మొదటిది. తన తండ్రి మిల్లులో గుమాస్తా అని నాయిక ఎప్పటి నుంచో పరిచయమున్న ప్రియునికి వ్రాయదు. మిల్లులో ఈసారి ధాన్యం తడిసి నాన్న రాత్రి కూడా ఇంటికి రాలేదని వ్రాస్తుంది. అందులోనే పాఠకునికి కావలసినది తెలుస్తుంది. ఇద్దరి శైలీ ఒకటిగా ఉండటం రెండవ దోషం. సంబోధననూ సంతకాన్నీ మూసి చదివినప్పుడు ఎవరి లేఖయో పోల్చుకోలేకపోతే ఆ దోషం ఉన్నట్లే.

చరవాణి సందేశాలలో పూర్వపు వ్యవధి లేదు. అయినా ఉత్కంఠ నశించలేదు, రూపం మారింది. వాట్సాప్‌లో సందేశం చదివినట్లు నీలిగుర్తులు పడి జవాబు రాకపోతే, అందిందో లేదో అన్న రుక్మిణి సందేహం పోయి, అంది కూడా పలుకలేదన్న శకుంతల వేదన మిగులుతుంది. పంపి తొలగించిన సందేశపు జాడ కూడా ఇటువంటిదే. ఇటువంటి కథలో ఆలస్యానికి దూరం కారణం కాజాలదు. పాత్ర మనసులోని సంకోచమే కారణం కావాలి.

పై ఇతివృత్తానికి ముగింపు కూడా ఈ దృష్టితోనే నిర్ణయింపదగును. శనివారం రాత్రి నాయిక మూడవ ఉత్తరం వ్రాస్తుంది. దానిని తపాలాపెట్టెలో వేయదు. ఆదివారం ఉదయం మిర్యాలగూడ బస్టాండులో, సూర్యాపేట బస్సు దిగిన అతని చేతికి తానే అందిస్తుంది. తామరాకు లేఖ వలెనే ఇదీ తపాలా ఎక్కని లేఖ. ఆ ఉత్తరంలోని మాటలు అప్పటికే పాఠకుడు చదివి ఉంటాడు. అతడు చదివిన పిమ్మట వెనుదిరిగాడా, తల్లితో కలిసి ఆ యింటికి నడిచాడా అన్నది చెప్పటానికి ఇక లేఖ అవసరం లేదు. ఇద్దరూ ఎదురుపడినచోట లేఖాకథ సహజంగానే ముగుస్తుంది.