ఒకే తేడా, రెండు వేరు పదార్థాలు

సోడియం అయొడైడ్ ఉప్పులాంటి తెల్లటి పదార్థం. 661 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే గానీ కరగదు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ 20 డిగ్రీల దగ్గరే మరిగి వాయువైపోతుంది. వీటిలో మొదటిది అయానిక పదార్థం, రెండోది సమయోజనీయం. అంకెలను మాత్రం నమ్ముకుంటే ఈ తేడా పట్టుబడదు.

బంధంలో ఉన్న ఎలక్ట్రాన్లను పరమాణువు తన వైపు లాక్కునే స్వభావమే ఋణవిద్యుదాత్మకత. 1932లో లైనస్ పౌలింగ్ దీన్ని అంకెల్లో చెప్పే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు వాడుతున్న పట్టికలో సోడియం 0.93, అయొడిన్ 2.66, కాబట్టి తేడా 1.73. హైడ్రోజన్ 2.20, ఫ్లోరిన్ 3.98, తేడా 1.78. తేడా 1.7 దాటితే అయానిక బంధమని చాలా పుస్తకాలు చెబుతాయి. ఆ లెక్కన వాయువుగా ఎగిరిపోయేదే ఎక్కువ అయానికం కావాలి!

కారణం హైడ్రోజన్‌లో ఉంది. దానికున్నది ఒకే ఎలక్ట్రాన్. అది కూడా పోతే మిగిలేది ఒట్టి ప్రోటాన్. అంత చిన్న ఆవేశం విడిగా నిలవదు, ఫ్లోరిన్ ఎలక్ట్రాన్ల మేఘంలోకి చొచ్చుకుపోతుంది. అందుకే అక్కడ విడివిడి అణువులు ఏర్పడతాయి. సోడియం అయాన్‌కు ఇంకా పది ఎలక్ట్రాన్లు ఉంటాయి. దాని చుట్టూ ఆరు అయొడైడ్ అయాన్లు, ఒక్కో అయొడైడ్ చుట్టూ ఆరు సోడియంలు. ఈ అల్లిక మొత్తం సడలితేనే ఆ ఉప్పు కరుగుతుంది.

లోహాల దగ్గర తేడా ఇంకా పనికిరాదు. క్లోరిన్ అణువులో తేడా సున్నా, సోడియం ముక్కలోనూ సున్నాయే. ఇక్కడ చూడాల్సింది అంకెల తేడా కాదు, వాటి స్థాయి. రెండూ చిన్నవైతే ఎలక్ట్రాన్లను గట్టిగా పట్టుకునేవాళ్లు లేరన్నమాట. అవి ముక్క అంతటా తిరుగుతాయి. రాగి 1.90, జింకు 1.65, అవి కలిసిన ఇత్తడి అసలైన లోహమే. అయితే సిలికాన్ కూడా 1.90 దగ్గరే ఉంది, అది లోహం కాదు. పట్టిక దారి చూపిస్తుంది, తీర్పు చెప్పదు.

తీర్పు కావాలంటే కరెంటు పెట్టి చూడాలి. ఘనస్థితిలోనే కరెంటు బాగా పారితే దాదాపుగా లోహమే, గ్రాఫైట్ లాంటి మినహాయింపులు తప్ప. ఘనంగా ఉన్నప్పుడు పారక, కరిగాక పారితే అయానికం. రెండుసార్లూ పారకపోతే సమయోజనీయం.

కరిగించడం కష్టమని నీళ్లలో కలిపి చూస్తే మోసపోతాం. తేమలేని అల్యూమినియం క్లోరైడే తీసుకోండి, తేడా 1.55. నీళ్లలో వేస్తే పొగలు కక్కుతూ చర్య జరిపి అయాన్లనిస్తుంది, కరెంటు బాగానే పారుతుంది. ఆ అయాన్లు నీటితో చర్య వల్ల పుట్టినవి. మూసిన పాత్రలో ఒత్తిడి మీద కరిగిస్తే మాత్రం ఆ ద్రవంలో కరెంటు దాదాపు పారదు. తెరిచిన పాత్రలో అసలు కరగనే కరగదు, 180 డిగ్రీల దగ్గరే నేరుగా ఆవిరైపోతుంది. వంటింటి ఉప్పు ద్రవంగా మారాలంటేనే 801 డిగ్రీలు కావాలి.