పాత పెళ్లి క్యాసెట్ల కోసం స్టూడియోకు ఒక ఉత్తరం

పాత పెళ్లి వీడియోలను బాగుచేసి, తిరిగి ఎడిట్ చేసి ఇస్తానంటూ ఫ్రీలాన్స్ ఎడిటర్ ఒక స్టూడియోకు రాసే పరిచయ లేఖ ఒక పేజీ దాటనక్కర్లేదు. చదివే యజమానికి ఎడిటింగ్ కొత్త కాదు. ఆయన తెలుసుకోవాలనుకునేది ఒక్కటే: ఈ మనిషి పాత క్యాసెట్‌తో ఏం చేయగలడు, ఏం చేయలేడు. అందుకే అనుభవంతోనో సాఫ్ట్‌వేర్ల పేర్లతోనో కాక క్యాసెట్‌తో మొదలయ్యే లేఖకే బలం ఎక్కువ.

రాజమండ్రిలో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ఒక స్టూడియోకు రాస్తున్నారనుకుందాం. లేఖ ఇలా మొదలుకావచ్చు: ‘అయ్యా, 1990లలో మీరు వీహెచ్ఎస్ మీద తీసిన పెళ్లిళ్ల క్యాసెట్లు పట్టుకుని ఇప్పుడు వాళ్ల పిల్లలు మీ దగ్గరకు వస్తుంటారు. వాటిని ఆడించే వీసీఆర్, బొమ్మ వణుకు ఆపే టైమ్ బేస్ కరెక్టర్ నా దగ్గర పనిచేసే స్థితిలో ఉన్నాయి.’ ఈ రెండో వాక్యం చాలా ముఖ్యం. వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఆ పని మానేసింది. మంచి యంత్రం చేతిలో ఉండటమే ఈ పనిలో సగం అర్హత.

తర్వాతి పేరాలో పని తీరు చెప్పాలి. మూడు గంటల క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది. నాణ్యత తగ్గకుండా దాచుకుంటే గంటకు సుమారు 30 జీబీ చోటు కావాలి. చవక పరికరాలు ఇక్కడే బొమ్మను నలిపేస్తాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో పట్టిన రెండు సగాలు గీతలు గీతలుగా కలిసి ఉంటాయి. వాటిని సరిగా విడదీయకపోతే కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. ఒక సగాన్ని పారేస్తే గీతలు పోతాయి కానీ కదలిక కుదుపులుగా మారుతుంది. QTGMC లాంటి పద్ధతితో సెకనుకు 50 పూర్తి ఫ్రేములు తీస్తే కదలిక సాఫీగా ఉంటుంది. యజమాని తేడా పట్టడానికి తలంబ్రాల ఘట్టం చూస్తే చాలు: బియ్యపు గింజలు విడివిడిగా రాలుతున్నాయా, చారలుగా జారుతున్నాయా అన్నది అక్కడ దాగదు.

చేయలేనివీ అంతే స్పష్టంగా రాయాలి. వీహెచ్ఎస్ టేపు మీద అడ్డంగా నిలిచే వివరం దాదాపు 240 గీతలే. దాన్ని 4కె అని చెప్పి అమ్మితే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. కెమెరా పక్కన పట్టుకున్న లైటు వెలుగుకు పెళ్లికూతురి నుదురు తెల్లగా మండిపోయి ఉంటే, అక్కడి బొట్టు, చర్మపు రంగు టేపులోకే ఎక్కలేదు. రంగులు సరిచేసినా అవి తిరిగి రావు. తెల్లటి బూజు పట్టిన క్యాసెట్‌ను శుభ్రం చేయకుండా ఆడించకూడదు. అది వీసీఆర్ హెడ్‌కు అంటి, తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. ఈ పనికి ధర వేరుగా చెప్పడం న్యాయం.

రీ ఎడిట్ విషయంలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న శబ్దం గురించి. అప్పటి మిక్సింగ్‌లో మండపంలోని మాటలు తీసేసి సినిమా పాటలు వేయడం మామూలు. కుటుంబం దగ్గరున్నది ఆ మిక్సింగ్ కాపీ అయితే పురోహితుడి మంత్రం, సన్నాయి, అప్పగింతల వేళ అమ్మమ్మ మాట అందులో లేవు, ఎవరూ తిరిగి తేలేరు. అవి కెమెరాలో నడిచిన అసలు క్యాసెట్లోనే ఉంటాయి. చాలాచోట్ల దాన్ని చెరిపి మళ్లీ వాడుకున్నారు, కానీ కొన్ని స్టూడియోల అలమరాల్లో ఇంకా మిగిలి ఉన్నాయి. కాబట్టి లేఖలో ఈ మాట తప్పక ఉండాలి: ‘మీ దగ్గర కెమెరా క్యాసెట్ ఉంటే ముందు దాన్నే ఇవ్వండి.’ అది దొరికితే మూడు గంటల పెళ్లిని పాతిక నిమిషాలకు కుదించి, స్నాతకం నుంచి అప్పగింతల దాకా అసలు శబ్దంతోనే నడపవచ్చు. పైగా సినిమా పాటలు లేని వీడియోను యూట్యూబ్‌లో పెట్టినా ఆ పాటల కాపీరైట్ చిక్కు రాదు. కుదించిన వీడియోతో పాటు బాగుచేసిన పూర్తి నిడివి కూడా విడి ఫైలుగా ఇస్తానని రాయాలి. ఏ బంధువు ముఖం ఎవరికి ముఖ్యమో ఎడిటర్‌కు తెలియదు.

ధరను రెండుగా విడగొడితే యజమాని తన లాభం లెక్కేసుకోగలడు: బాగుచేయడానికి టేపు గంటకు ఇంత, రీ ఎడిట్‌కు పూర్తయిన నిమిషానికి ఇంత. లేఖ చివర అడగాల్సింది పెద్ద ఒప్పందం కాదు, ఒక్క క్యాసెట్. స్టూడియో సొంత క్యాసెట్ నుంచే మూడు నిమిషాలు ఉచితంగా చేసి, ముందూ తర్వాతా పక్కపక్కన చూపిస్తానని, టేపును చేతికి చేయి తిరిగి ఇస్తానని, కుటుంబం ఒప్పుకోకుండా ఆ దృశ్యాలను మరెవరికీ చూపనని రాసి, కింద ఫోన్ నంబరు వేసి సంతకం చేస్తే లేఖ పూర్తవుతుంది.