పడ్డచోటికే వైద్యం

అమెరికా అంతర్యుద్ధంలో 1862 ఆగస్టు చివర వర్జీనియాలో రెండో బుల్ రన్ యుద్ధం జరిగింది. అది ముగిసి వారం గడిచాక కూడా గాయపడ్డ సైనికులు కొందరు పొలాల్లోనే, ఎండకూ వానకూ పడి ఉన్నారు. అంబులెన్సు బండ్లు అసలు లేకపోలేదు. కానీ అవి డాక్టర్ల చేతిలో ఉండేవి కావు, సరఫరా శాఖ చేతిలో ఉండేవి. సామాను మోయాల్సి వస్తే వాటినే వాడేసుకునేవారు. తోలేవాళ్లు కూలికి కుదిరిన పౌరులు. ఫిరంగులు మోగగానే కొందరు బండ్లు తిప్పుకుని వెళ్లిపోయారు. కొందరు గాయపడ్డవాళ్ల కోసం ఉంచిన సారా తాగి మత్తులో పడ్డారు. ఆస్పత్రుల్లో సర్జన్లున్నారు, కత్తులున్నాయి, మత్తిచ్చే క్లోరోఫారం కూడా ఉంది. వాటి దగ్గరికి మనిషిని చేర్చేవాడే లేడు.

ఉత్తరాదివాళ్ల పొటోమాక్ సైన్యానికి ఆ వేసవిలోనే కొత్త వైద్యాధికారి వచ్చాడు. పేరు జొనాథన్ లెటర్‌మన్. ఆయన కొత్త మందేమీ కనిపెట్టలేదు. మనిషి పడ్డచోటి నుంచి ఆస్పత్రి మంచం దాకా ఎవరు, ఎక్కడ, ఏం చేయాలో కాగితం మీద పెట్టి, దాన్ని సైన్యం ఆజ్ఞగా మార్పించాడు. అంబులెన్సు బండి ఇక గాయపడ్డవాళ్లకే. ఒక్కో బండికి ఒక తోలేవాడు, ఇద్దరు స్ట్రెచర్ మోసేవాళ్లు. ముగ్గురూ సైనికులే, ఆ పనిలో తర్ఫీదు పొందినవాళ్లే. మిగతా సైనికులెవరూ గాయపడ్డ స్నేహితుణ్ని మోసుకుంటూ వెనక్కి రాకూడదు. ఈ చివరి నియమం కటువుగా అనిపించొచ్చు. అయితే ఒక్కణ్ని మోసే నెపంతో నలుగురు యుద్ధం వదిలి వెనక్కి నడవడం అప్పట్లో మామూలు సంగతి.

దారిలో మూడు మజిలీలు పెట్టాడు. తుపాకీ గుండ్లు తగలనంత దూరంలో మొదటిది. అక్కడ రక్తం ఆపి, కట్టు కట్టి, నొప్పికి మార్ఫిన్ ఇస్తారు, అంతే. రెండోది కొంత వెనక, రైతుల గాదెల్లో, ఇళ్లలో పెట్టిన ఫీల్డ్ ఆస్పత్రి. ఆపరేషన్లు ఇక్కడే. కత్తి పట్టే పని డాక్టర్లందరికీ ఇవ్వలేదు, చేయి తిరిగినవాళ్లను ఎంచి వాళ్లకే అప్పగించాడు. మూడోది దూరపు పట్నాల్లోని పెద్ద ఆస్పత్రి, నెలల తరబడి కోలుకునేవాళ్ల కోసం. సెప్టెంబరు 17న ఆంటీటమ్ యుద్ధంలో ఈ ఏర్పాటుకు పరీక్ష వచ్చింది. ఆ ఒక్కరోజే రెండు పక్షాలవీ కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. ఉత్తరాది సైన్యంలోనే 9,500 మందికి పైగా క్షతగాత్రులు. తమ అధీనంలో ఉన్న నేల మీద పడ్డవాళ్లలో చాలావరకు మర్నాటికల్లా కప్పు కిందికి చేర్చారు. బుల్ రన్‌కీ దీనికీ మధ్య గడిచింది మూడు వారాలే.

ఈ ఆలోచనకు బీజం అంతకు 70 ఏళ్ల ముందు ఫ్రాన్సులో పడింది. విప్లవ సైన్యంలో డొమినిక్ జాన్ లారే అనే యువ సర్జన్ ఉండేవాడు. వైద్య బండ్లు సైన్యానికి దాదాపు అయిదు కిలోమీటర్లు వెనకే ఉండాలని, యుద్ధం ముగిశాకే ముందుకు రావాలని అప్పటి నియమం. అవి వచ్చేసరికి ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర గడిచిపోయేది. గుర్రాలు లాగే తేలికపాటి ఫిరంగులు మైదానంలో క్షణాల్లో చోటు మారడం లారే చూశాడు. ఫిరంగికి కుదిరింది మనిషికెందుకు కుదరదన్నాడు. రెండు చక్రాలు, రెండు గుర్రాలు, పక్కలకు గాలి కిటికీలు, లోపల మెత్త పరిచిన పరుపు, దాన్ని బయటికి జరపడానికి అడుగున చిన్న రోలర్లు. వీటికి ఆయన పెట్టిన పేరు ‘ఎగిరే అంబులెన్సు’. యుద్ధం జరుగుతుండగానే ఇవి మైదానంలోకి వెళ్లేవి. ఛిద్రమైన కాలో చెయ్యో తీసేయక తప్పదనుకుంటే మొదటి 24 గంటల్లోనే తీయాలన్నది లారే అనుభవం. రోజులు గడిచాక కుళ్లు పట్టిన అవయవాన్ని కోస్తే బతికేవాళ్లు తక్కువ. 1812లో రష్యాలోని బొరోదినో యుద్ధంలో ఒక్క రోజులో ఆయన 200 దాకా అవయవాలు తొలగించాడంటారు.

ఎవరిని ముందు చూడాలన్న ప్రశ్నకు లారే జవాబు ఆ రోజుల్లో తిరుగుబాటు లాంటిదే. గాయం ఎవరికి ఎక్కువుంటే వాళ్లనే ముందు చూడాలి. హోదా లెక్కలోకి రాదు. జనరల్ చెయ్యి గీరుకుపోతే, సిపాయి తొడ తెగిన తర్వాతే ఆయన వంతు. ఇలా వేరుచేయడాన్నే ఇవాళ ట్రయాజ్ అంటున్నాం. అయితే క్షతగాత్రులు వేలల్లో వచ్చి సర్జన్లు పదుల్లో ఉన్నప్పుడు ‘ఎక్కువ గాయమైనవాడికే ముందు’ అన్న సూత్రం నిలవదు. కడుపు చీలినవాడి మీద రెండు గంటలు పెడితే అతను బతకకపోవచ్చు. ఆ రెండు గంటల్లో కాళ్లు తెగినవాళ్లు నలుగురు బతకొచ్చు. అంతర్యుద్ధంలో కడుపు, తల గాయాల వాళ్లను చాలాసార్లు పక్కన పడుకోబెట్టి, నొప్పి తెలియకుండా మందిచ్చి వదిలేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఇలాంటివాళ్లకు వేరే గుడారాలే ఉండేవి. నా మట్టుకు నాకు యుద్ధవైద్యంలో అతి కష్టమైన పని కత్తి పట్టడం కాదు, ఆ గుడారంలోకి ఎవరు వెళ్లాలో తేల్చడం.

లెటర్‌మన్ ఏర్పాటు మొదట ఒక్క సైన్యానికే పరిమితమైంది. 1863 మార్చిలో కెల్లీస్ ఫోర్డ్ పోరులో నథానియేల్ బౌడిచ్ అనే యువ లెఫ్టినెంటుకు పొట్టలో గుండు దిగింది. అతన్ని తీసుకెళ్లడానికి అంబులెన్సు లేదు. అతను చనిపోయాడు. తండ్రి హెన్రీ బౌడిచ్ బోస్టన్‌లో పేరున్న డాక్టరు. అంబులెన్సు వ్యవస్థకు చట్టం కావాలని ఆయన చిన్న పుస్తకమే రాసి, ఉద్యమం నడిపాడు. 1864 మార్చిలో అమెరికా కాంగ్రెస్ ఆ చట్టం చేసింది.

చట్టం ఉన్నా బండి పోలేని చోట మనిషి భుజమే దిక్కు. 1899-1900లో దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధంలో గాంధీజీ నడిపిన భారతీయ అంబులెన్సు దళంలో దాదాపు 1,100 మంది ఉండేవారు. వాళ్లలో 800 మంది చెరకు తోటల్లాంటి చోట్ల పనిచేసే ఒప్పంద కూలీలు. నాటాల్‌కు ఓడెక్కిన కూలీల్లో మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు ఎక్కువ. స్పయాన్ కాప్ యుద్ధంలో క్షతగాత్రులను స్ట్రెచర్ల మీద మోస్తూ వాళ్లు ఒక్కో రోజు ముప్పై, నలభై కిలోమీటర్లు నడిచారు.

మొదటి ప్రపంచయుద్ధం ఇంకో పాఠం చెప్పింది. గొలుసులో మొదటి మజిలీలో జరిగే పని సరిగా లేకపోతే, ఆ తర్వాత ఎంత వేగంగా మోసినా ప్రయోజనం ఉండదు. తొడ ఎముక విరిగినవాణ్నే తీసుకోండి. తొడ కండరాలు మన ఒంట్లో బలమైనవి. ఎముక విరగగానే అవి రెండు ముక్కలనూ ఒకదాని మీదికొకటి లాగుతాయి. పదునైన కొనలు కండలోకి దిగుతాయి. తొడ లోపలే లీటరుకు పైగా రక్తం పోగుపడుతుంది, పైకి ఏమీ కనపడదు. స్ట్రెచర్ మీద ప్రతి కుదుపుకూ ఎముక కదులుతుంది, మళ్లీ రక్తం కారుతుంది. ఆస్పత్రి చేరేసరికి మనిషి తెల్లబడి, చల్లబడి, నాడి అందకుండా ఉండేవాడు. యుద్ధం తొలినాళ్లలో ఇలాంటివాళ్లలో 100కి 80 మంది చనిపోయేవారని అప్పటి సర్జన్ల లెక్క.

దీనికి విరుగుడు లివర్‌పూల్‌లో ఎప్పటి నుంచో ఉంది. హ్యూ ఓవెన్ థామస్ అనే ఎముకల వైద్యుడు మోకాలి క్షయ రోగుల కోసం ఒక ఇనుప చట్రం చేయించాడు. తొడ మొదట్లో ఒక వలయం, అక్కణ్నుంచి కాలికి అటూ ఇటూ రెండు కడ్డీలు. పాదాన్ని కట్టి కిందికి లాగి చట్రానికి బిగిస్తే, కండరాల లాగుడుకు ఎదురు లాగుడు తగిలి ఎముక కదలకుండా ఉంటుంది. ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ దాన్ని సైన్యం చేత వాడించాడు. గెలుపు రహస్యం చట్రంలో కన్నా దాన్ని ఎక్కడ కట్టారన్నదానిలో ఉంది. ఆస్పత్రిలో డాక్టరు కట్టే పనిని కందకాల వెనకే స్ట్రెచర్ మోసేవాళ్లకు అప్పగించారు. ప్యాంటు విప్పకుండా, బూటు తీయకుండా, దాని మీదే కట్టాలి. కవాతు లాగా అంచెలంచెలుగా, చీకట్లో కూడా తడబడకుండా కట్టగలిగేదాకా తర్ఫీదిచ్చారు. 1917లో ఆరస్ యుద్ధం నాటికి మరణాలు 100కి 16 దాకా తగ్గాయి. తొలినాళ్ల లెక్కల్లో అతిశయోక్తి ఉందనుకున్నా, తేడా మాత్రం నిజం.

కొరియా యుద్ధంతో హెలికాప్టర్ వచ్చింది, వియత్నాంలో అది మామూలైపోయింది. అక్కణ్నుంచి లెక్కలు చదవడంలో ఒక తిరకాసు మొదలైంది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న అమెరికా సైనికుల్లో మొత్తం మీద 100కి 19 మంది చనిపోయారు. వియత్నాంలో 16. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల తొలి ఏళ్లలో 9. మరి ఆస్పత్రికి చేరాక చనిపోయినవాళ్ల శాతం? వియత్నాంలో 3.2 ఉన్నది, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో 4.8కి పెరిగింది. డాక్టర్లు దిగజారారని దానర్థం కాదు. గతంలో దారిలోనే పోయేవాళ్లు ఇప్పుడు కొన ఊపిరితో ఆస్పత్రి దాకా వస్తున్నారు, వాళ్లలో కొందరు అక్కడ పోతున్నారు. ఆస్పత్రి రికార్డు ఒక్కటే చూసి వ్యవస్థను తూకం వేస్తే బోల్తాపడతాం.

ఆ దారిలోని చావుల్ని తగ్గించినవాటిలో ముఖ్యమైనది ఒక పట్టీ. పేరు టూర్నికే. కాలికో చేతికో గాయానికి పైన చుట్టి, దానికున్న చిన్న కడ్డీని మెలితిప్పితే ధమని నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. పాత వస్తువే. కట్టి మరిచిపోతే అవయవం చచ్చిపోతుందన్న భయంతో దశాబ్దాలపాటు దాన్ని చివరి అస్త్రంగానే చూశారు. కానీ తొడలో పెద్ద ధమని తెగితే మనిషికి మిగిలేవి నిమిషాలే. 1996లో అమెరికా సైనిక వైద్యులు ఈ సూత్రాన్ని తిరగరాశారు: తూటాలు పేలుతుండగా చేయాల్సిన వైద్యం దాదాపు ఇదొక్కటే. ప్రతి సైనికుడి జేబులో ఒకటి ఉండాలి, అవసరమైతే తనకు తానే కట్టుకోవాలి. 2006లో బాగ్దాద్ సైనిక ఆస్పత్రిలో మొదలైన పరిశీలనలో తేలింది ఇది. రక్తం పోయి షాక్‌లోకి జారకముందే పట్టీ పడినవాళ్లలో 90 శాతం బతికారు. జారాక పడినవాళ్లలో 10 శాతమే. చంకలో, గజ్జలో, కడుపులో గాయాలకు మాత్రం పట్టీ చుట్టే చోటే లేదు. ఇవాళ బతకగలిగీ దారిలో చనిపోతున్నవాళ్లలో ఎక్కువమందివి అవే గాయాలు.

గాయపడ్డవాణ్ని గంటలోపు సర్జన్ ముందుంచాలన్నది 2009 నుంచి అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యం నియమంగా ఉండేది. ఆకాశం తమ చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది. ఉక్రెయిన్‌లో ఆ వీలు లేదు. ముందు వరుస దగ్గరికి హెలికాప్టర్ వస్తే కూలుస్తారు, అంబులెన్సు కదిలితే డ్రోన్ వెంటపడుతుంది. చీకటి పడేదాకా, కొన్నిసార్లు రోజుల తరబడి గాయపడ్డవాడు నేలమాళిగలోనే ఉండాలి. గంటలోపు ఆస్పత్రి చేరతామన్న లెక్కతో నేర్పిన పట్టీ అక్కడ పది గంటలు బిగిసి ఉండి, నిలబడాల్సిన కాళ్లను పోగొడుతోంది. అందుకే ఇప్పుడు ముందు వరుస వైద్య సహాయకులకు రెండో పాఠం కూడా నేర్పుతున్నారు. తూటాల నుంచి చాటుకు చేరగానే, వీలైతే రెండు గంటల్లోపే గాయాన్ని మళ్లీ చూడాలి. పట్టీ నిజంగా అవసరమా అని తేల్చుకుని, అవసరం లేనిచోట గాయంలో గాజుగుడ్డ కూరి గట్టిగా కట్టి, పట్టీని మెల్లగా వదలాలి.