అరువు అధికారం: సెట్‌యుఐడి బిట్ కథ

యూనిక్స్ ఫైళ్లకు అనుమతులుంటాయి కానీ, అవి ఫైల్ మొత్తానికీ ఒకటే. ఫలానా యూజర్ ఈ ఫైల్‌ని చదవొచ్చా, మార్చొచ్చా, నడపొచ్చా అన్నంతవరకే కెర్నల్ చూస్తుంది. లైనక్స్‌లో అందరి పాస్‌వర్డ్‌ల సంకేతరూపాలూ `/etc/shadow` అనే ఒకే ఫైల్‌లో వరసగా ఉంటాయి. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు మార్చుకోగలగాలి, పక్కవాళ్ల వరస మాత్రం ముట్టుకోకూడదు. ఈ నియమాన్ని ఫైల్ అనుమతులతో చెప్పే దారి లేదు. రాసే హక్కు ఇస్తే అన్ని వరసలకూ ఇచ్చినట్టే, ఇవ్వకపోతే సొంత వరసకు కూడా దిక్కులేదు. అందుకే ఆ హక్కును రూట్‌కే ఉంచి, నియమాన్ని తెలిసిన ఒక ప్రోగ్రామ్‌కి ఆ హక్కును అరువిచ్చే పద్ధతిని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ కనిపెట్టారు. 1971 నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే అది ఉంది. 1973లో దరఖాస్తు చేస్తే 1979 జనవరిలో పేటెంట్ వచ్చింది.

```
$ stat -c '%A %U %n' /usr/bin/passwd
-rwsr-xr-x root /usr/bin/passwd
```

యజమాని అనుమతుల్లో `x` ఉండాల్సిన చోట కనిపిస్తున్న `s` ఆ అరువుకు గుర్తు, అదే సెట్‌యుఐడి బిట్. మామూలుగా ఒక ప్రోగ్రామ్‌ని ఎవరు నడిపితే వారి అధికారమే దానికి వస్తుంది. ఈ బిట్ ఉంటే మాత్రం, ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే క్షణంలో కెర్నల్ ఆ ప్రాసెస్‌కి ఫైల్ యజమాని నంబరును అమలు యుఐడిగా రాస్తుంది. ఫైళ్ల తలుపు దగ్గర తనిఖీ అయ్యేది ఈ నంబరే. అసలు యుఐడి, అంటే పిలిచినవారి నంబరు, చెరిగిపోకుండా పక్కనే ఉంటుంది. `passwd`కి రెండూ కావాలి. అమలు యుఐడి రూట్ కాబట్టి ఫైల్‌ని మార్చగలుగుతుంది, అసలు యుఐడిని చూసి ఎవరి వరస మార్చాలో తెలుసుకుంటుంది. పని ముగియగానే ప్రాసెస్‌తోపాటు అరువు అధికారమూ పోతుంది. యూజర్ షెల్ ఎప్పుడూ రూట్ కాలేదు.

అలాగైతే ఎవరైనా సొంత ప్రోగ్రామ్ రాసి, బిట్ పెట్టి, రూట్ అయిపోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. తన ఫైల్‌కి బిట్ పెట్టుకుంటే ఇతరులకు దక్కేది తన అధికారమే. ఆ ఫైల్‌ని రూట్ పేరుకి మార్చే హక్కు లైనక్స్‌లో మామూలు యూజర్‌కి లేదు. బిట్ ఉన్న ఫైల్‌లో మామూలు యూజర్ ఏమైనా రాస్తే కెర్నల్ ఆ బిట్‌ని తీసేస్తుంది. ఎందుకంటే యజమాని నమ్మింది మనిషిని కాదు, అక్కడున్న కోడ్‌ని. కోడ్ మారితే ఆ నమ్మకానికి ఆధారం లేదు.

అసలు బలహీనత వేరేచోట ఉంది. కోడ్ యజమానిదైనా, అది నడిచే పరిసరాలు పిలిచినవారివి. ఆర్గ్యుమెంట్లు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అన్నీ వాళ్లే సమకూరుస్తారు. ప్రమాదకరమైన వేరియబుల్స్‌ని ప్రోగ్రామ్ మొదలయ్యేముందే లోడర్ తీసేస్తుంది. అయినా `pkexec` అనే సెట్‌యుఐడి ప్రోగ్రామ్‌లో 2022 జనవరిలో బయటపడ్డ లోపం ఆ వడపోతను దాటింది. కనీసం ఒక ఆర్గ్యుమెంట్ ఉంటుందని ఆ ప్రోగ్రామ్ అనుకుంది. దాడి చేసేవాడు ఒక్కటీ ఇవ్వకుండా పిలిస్తే, అది జాబితా హద్దు దాటి మొదటి ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని ప్రోగ్రామ్ పేరనుకుని చదివేది, పూర్తి దారి వెతికి అక్కడే తిరిగి రాసేది. అలా లోడర్ తీసేసిన `GCONV_PATH` మళ్లీ లోపలికి వచ్చేది. తర్వాత ఎర్రర్ సందేశం చూపించేటప్పుడు, అక్షర సంకేతాల మార్పిడి కోసం దాడి చేసినవాడి లైబ్రరీ రూట్ అధికారంతో లోడయ్యేది. 2009 నుంచీ ఉన్న లోపం ఇది. తాత్కాలిక చికిత్స `chmod 0755 /usr/bin/pkexec`, అంటే బిట్‌ని తీసేయడం.

అందుకే ఈ బిట్టే వద్దని, రూట్‌గా నడిచే సర్వర్‌ని పెట్టి యూజర్లు దానికి విన్నపాలు పంపితే చాలని ఒక వాదన ఉంది. అదే బెల్ ల్యాబ్స్‌లో తర్వాత పుట్టిన ప్లాన్ 9లో సెట్‌యుఐడి లేదు కూడా. ఈ వాదనలో సగం నిజముంది. సర్వర్ పరిసరాలు అడిగినవారి చేతుల్లో ఉండవు, పైన చూసిన తరహా దాడికి అక్కడ తావులేదు. కానీ అడిగింది ఎవరో, అడిగినది ఇవ్వొచ్చో లేదో తేల్చే కోడ్ అక్కడా కావాలి, అందులో తప్పుంటే నష్టం అంతే. పైగా సర్వర్ మామూలుగా ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది, ఈ బిట్ ఉన్న ప్రోగ్రామ్ పని ఉన్నంతసేపే ఉంటుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది బిట్ మంచిదా చెడ్డదా అని కాదు, దాన్ని మోసే ప్రోగ్రామ్ ఎంత చిన్నది, ఎంత ఇరుకైన పని చేస్తుంది అని. `find / -perm -4000` తన యంత్రంలో చూపించే ప్రతి పేరుకూ ఆ లెక్క చూసి, ఇరుకుగా లేనిదాని నుంచి బిట్‌ని తీసేయడం నిర్వాహకుడి బాధ్యత.